రసీదు పుస్తకం ఫోటోల నుంచి నాలుగు గళ్ల పట్టిక దాకా
(వార్షిక మహాసభలో రసీదుల పరిశీలన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మేం గ్రామ సంఘాల రసీదు పుస్తకాలను ఆఫీసుకు తెప్పించుకోలేదు. పుస్తకం ఇక్కడికి వస్తే అక్కడ మీటింగు రోజున రసీదు రాయడానికి పుస్తకం ఉండదు. అప్పుడు చీటీ మీద రాసి ఇస్తారు, ఆ చీటీకి లెక్కా పత్రం ఉండదు. అందుకని పుస్తకం ఊళ్లోనే ఉంచి, కౌంటర్ ఫాయిళ్లకు ఫోన్లో ఫోటోలు తీయించి, ఆ ఫోటోలు చూసి ఇక్కడ ఒక్కో రసీదుకు ఒక్కో వరుస రాశాం. రసీదు నంబరు, తేదీ, చెల్లించినవారు, మొత్తం, ఈ నాలుగు గళ్లు. పక్కన ఏ ఫోటోలో ఉందో చెప్పే గడి ఒకటి, గమనికకు ఇంకొకటి. ఆ పని ఎలా చేశామో, ఏం దొరికిందో చెప్పమని అధ్యక్షురాలు అడిగారు. అన్ని ఊళ్ల గురించీ చెబితే సాయంత్రం అవుతుంది. ఒకే ఒక్క పుస్తకం గురించి చెబుతాం. ఊరి పేరు చెప్పం. ఆ ఊరి వాళ్లు ఇక్కడే ఉన్నారు, చెప్పడానికి వాళ్లే ఒప్పుకున్నారు.

ఆ పుస్తకం 401 నుంచి 500 వరకు. పేజీకి రెండు రసీదులు, మొత్తం యాభై పేజీలు. కుడివైపు అసలు రసీదు చింపి కట్టినవాళ్లకు ఇస్తాం, ఎడమవైపు ముక్క పుస్తకంలో ఉండిపోతుంది. మధ్యలో కార్బన్ లేదు, రెండుసార్లు చేత్తో రాయాల్సిందే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది. మొదటి రసీదు 4-7-2024న రాశారు. రెండు వారాలకోసారి గురువారం మీటింగు. అక్టోబరు 24 మీటింగుకు 472 దాకా వచ్చారు.

ముందు ఫోటోల సంగతి. మొదటిసారి పంపినవి ట్యూబులైటు కింద, ఫ్లాషు వేసి తీసినవి. బాల్ పెన్ను అక్షరాల మీద ఫ్లాషు పడి సగం తెల్లగా మెరిసిపోయింది. రసీదు నంబరు ఎర్ర సిరాతో అచ్చయి ఉంటుంది, పసుపు బల్బు కింద అది కాగితంలో కలిసిపోయినట్టు వస్తుంది. రెండోసారి ఎండ నేరుగా పడని చోట, వరండాలో, పగటిపూట తీయమన్నాం. పేజీ లేవకుండా పైనా కిందా స్కేళ్లు పెట్టాలి. వేలు నంబరు మీద పడకూడదు. పేజీ నాలుగు అంచులూ ఫోటోలో కనిపించాలి, ఎందుకంటే ముక్క చినిగిందా లేదా అన్నది అంచు చూస్తేనే తెలుస్తుంది. ఇంకో చిన్న విషయం. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది నాణ్యత తగ్గించి పంపుతుంది, ఇక్కడ పెద్దది చేసి చూస్తే 3, 8 ఒకేలా ఉంటాయి. అదే ఫోటోను Document గా పంపితే తీసినది తీసినట్టే వస్తుంది.

అట్ట ఫోటో కూడా అడిగాం. పుస్తకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దాని మీదే ఉంటుంది. వాడని పేజీలు కూడా తీయమన్నాం, 473 నుంచి 500 దాకా, అసలూ ముక్కా రెండూ కనపడేలా. "ఏమీ రాయని పేజీలకు ఫోటోలెందుకు?" అని అడిగారు. డబ్బు తీసుకుని లెక్కలో చూపకూడదనుకునేవాళ్లు మధ్యలోంచి చింపరు, పుస్తకం చివర్నుంచి చింపుతారు. అక్కడికి మనం రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది కదా! ఈ పుస్తకంలో ఆ ఇరవై ఎనిమిదీ భద్రంగా ఉన్నాయి.

ఫోటోలు వచ్చాక ఒక్కోదానికి అందులో ఉన్న నంబర్లే పేరుగా పెట్టాం, `401-402.jpg`, `403-404.jpg` ఇలా. తర్వాత ఇద్దరం కూర్చున్నాం. ఒకరు ఫోటో చూసి చదవాలి, ఒకరు కంప్యూటర్లో ఎక్కించాలి.

ఎక్కించేటప్పుడు మేం పెట్టుకున్న నియమం ఒకటే. ముక్క మీద ఏముందో అదే రాయాలి, ఏమై ఉండాలో అది కాదు. "లక్ష్మి గ్రూపు" అని ఉంటే లక్ష్మి గ్రూపు అనే రాశాం. ఆ ఊళ్లో శ్రీలక్ష్మి ఉంది, ధనలక్ష్మి ఉంది, వరలక్ష్మి ఉంది. ఎవరన్నది తర్వాత ఆ ఊరి వాళ్లను అడిగి గమనికలో రాసుకోవచ్చు. మనమే ఊహించి సరిచేస్తే, తప్పు ఊహకూ సరైన రాతకూ తేడా పట్టికలో కనపడదు. అంకె అర్థం కాకపోతే అక్షరాల్లో ఏం రాశారో చూశాం. రెండూ కలవకపోతే మొత్తం గడి ఖాళీ ఉంచి, రెండూ గమనికలో పెట్టాం. "1,500/-" అని రాసినప్పుడు ఆ గీత సాగి చివర ఇంకో అంకెలా కనిపించేది కూడా ఇలాగే అక్షరాలు చూస్తేనే తేలింది.

ఖాళీ వేరు, సున్నా వేరు. ఇది కొత్తగా చేరిన పిల్లలకు చాలాసార్లు చెప్పాం. రసీదు రద్దు చేసి ఉంటే మొత్తం గడిలో 0 వేస్తాం. 437 అలాంటిదే. పేరు తప్పు రాశారు, అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాశారు, అసలు కూడా చింపకుండా అక్కడే ఉంచారు. అది శుభ్రమైన రద్దు. అసలు పుస్తకంలో లేకుండా ముక్క మీద మాత్రం రద్దు అని ఉంటే అది రద్దు కాదు, అడగాల్సిన విషయం. ఇక ఎంతో తెలియనప్పుడు గడి ఖాళీగానే ఉండాలి. సున్నా వేస్తే డబ్బు రాలేదని మనమే తీర్పు చెప్పినట్టు.

తేదీల దగ్గర కంప్యూటరుతోనే పేచీ వస్తుంది. 4-7-2024 అని కొడితే మనకు జులై 4. షీటు అమరిక అమెరికా పద్ధతిలో ఉంటే అది ఏప్రిల్ 7 అనుకుంటుంది, ఏమీ చెప్పదు కూడా. 18-7-2024 కొడితే పద్దెనిమిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాకుండా మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. గుర్తుపట్టడం సులువు. తేదీ అని ఒప్పుకున్నది గడిలో కుడివైపుకు జరుగుతుంది, అక్షరాలు అనుకున్నది ఎడమవైపు ఉంటుంది. ఒకే గళ్లో కొన్ని కుడికీ కొన్ని ఎడమకీ ఉంటే ముందు షీటు దేశాన్ని ఇండియాగా మార్చి, తేదీలు మళ్లీ కొట్టాలి.

ఇప్పుడు అసలు పని, తప్పిన నంబర్లు పట్టడం. 401 నుంచి 472 దాకా ఎన్ని రసీదులు ఉండాలి? తీసివేస్తే 71 వస్తుంది. కాదు, 72. మొదటిది కూడా లెక్కే కదా. చాలామంది పై వరుసకూ కింది వరుసకూ తేడా ఒకటి ఉందా అని చూసుకుంటూ పోతారు. అది మధ్యలో తప్పినవి చూపిస్తుంది గానీ, మొదట్లో గానీ చివర గానీ పోయినవి చూపించదు. ఉన్నవాటిని చూసి లేనివాటిని కనుక్కోవడం కంటే, ఉండాల్సినవన్నీ ముందు రాసుకోవడం మంచిది. అందుకని పక్కన H గళ్లో 401 నుంచి 472 దాకా అన్ని నంబర్లూ వేసి, దాని పక్క గళ్లో ఇది పెట్టాం:

```
=COUNTIF(A:A,H2)
```

A గళ్లో మేం ఎక్కించిన రసీదు నంబర్లు ఉంటాయి. ఒక్కో నంబరు అక్కడ ఎన్నిసార్లు ఉందో ఇది చెబుతుంది. 1 వస్తే ఉంది. 0 వస్తే లేదు. 2 వస్తే రెండుసార్లు ఎక్కింది.

మొదటిసారి మాకు 69 వరుసలు వచ్చాయి. 421, 422, 431, 458 ఎదురుగా 0. 413 ఎదురుగా 2.

ఒక నంబరుకు 0, ఇంకో నంబరుకు 2 వచ్చి, ఆ రెండింటి అంకెలూ ఒకటే అయితే ముందు చూడాల్సింది టైపింగే. 413 అని ఉన్న రెండు వరుసల్లో ఒకదాని ఫోటో పేరు `431-432.jpg`. అంకెలు తారుమారయ్యాయి, అంతే. ఫోటో గడి లేకపోతే ఈ చిన్నదానికి పుస్తకమంతా మళ్లీ తిరగేయాలి.

421, 422 రెండూ ఒకే పేజీవి. ఒక పేజీ మొత్తం లేదంటే ఫోటో తీసేటప్పుడు రెండు పేజీలు కలిసి తిరిగిపోయి ఉంటాయని అనుకోవాలి. ఉండాల్సిన ఫోటోలు 36, వచ్చినవి 35. ఫోన్ చేసి ఆ ఒక్క పేజీ తీయించుకున్నాం. రెండూ ఉన్నాయి, మొత్తాలు నగదు పుస్తకంతో కలిశాయి. తప్పిన నంబరు కనపడగానే ఎవరినో అనుమానించడం మొదలుపెడితే ఇలాంటివాటి దగ్గరే పరువు పోతుంది, వాళ్లదీ మనదీ.

తేదీలు వరుసలో ఉన్నాయా అని కూడా చూశాం. రసీదు నంబరు పెరుగుతుంటే తేదీ వెనక్కి వెళ్లకూడదు.

```
=IF(AND(B3<>"",B3<B2),"తేదీ చూడాలి","")
```

ఇది 429 దగ్గర గుర్తు పెట్టింది. 429 తేదీ 1-8, సరిగానే ఉంది. తప్పు దాని పై వరుసలో. 428లో ఒకటికి పైన కొక్కెం పెట్టి రాశారు, అది 7-8 అని చదివాం. ఆగస్టు 7 బుధవారం, మీటింగు లేని రోజు. గుర్తు కింది వరుసలో పడుతుంది, లోపం పై వరుసలో ఉంటుంది. ఇది తెలియక 429నే పట్టుకుని చూస్తూ కూర్చుంటే ఏమీ దొరకదు.

ఇక 449.

దీనికి నంబరు తప్పలేదు. COUNTIF దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ముక్క ఉంది, దాని మీద 449 అని అచ్చు కూడా ఉంది. కాకపోతే తేదీ లేదు, పేరు లేదు, మొత్తం లేదు. పక్కన అసలు రసీదు మాత్రం చింపేసి ఉంది. నంబరు అచ్చు కనపడితే వరుస వేయాలన్న పద్ధతి వల్ల అది ఖాళీ గళ్లతో మా పట్టికలోకి వచ్చింది. మొత్తం గడి ఖాళీగా ఉన్నవాటిని చూపే ఇంకో సూత్రం పెట్టుకోబట్టి పైకి తేలింది. మా లెక్కలో తప్పిన నంబరు కంటే ఇదే పెద్ద విషయం. డబ్బు కట్టినామె చేతిలో రసీదు ఉంది, మన చేతిలో ఏమీ లేదు.

ఆ రోజు వరుసలు ఇవి:

| నంబరు | తేదీ | చెల్లించినవారు | మొత్తం |
|---|---|---|---|
| 445 | 12-9-2024 | (సంఘం పేరు) | 3,200 |
| 446 | 12-9-2024 | (సంఘం పేరు) | 2,500 |
| 447 | 12-9-2024 | (సంఘం పేరు) | 4,150 |
| 448 | 12-9-2024 | (సంఘం పేరు) | 1,800 |
| 449 | | | |
| 450 | 12-9-2024 | (సంఘం పేరు) | 3,600 |
| 451 | 12-9-2024 | (సంఘం పేరు) | 2,750 |

448 సెప్టెంబరు 12న, 450 కూడా సెప్టెంబరు 12న. అంటే 449 ఆ రోజే రాశారు, వేరే దారి లేదు. రాసి ఉన్న ఆరు రసీదుల మొత్తం 18,000. నగదు పుస్తకంలోనూ ఆ రోజు వసూలు 18,000 అనే ఉంది. మర్నాడు బ్యాంకులో వేసింది ఎంతో పాసుబుక్కు చూశాం. 22,800. నాలుగు వేల ఎనిమిది వందలు ఎక్కువ. ఆ ఎక్కువ ఎక్కడిదో తెలియక లెక్క రాసేవాళ్లు దాన్ని సస్పెన్స్ పద్దులో పెట్టి ఊరుకున్నారు. డబ్బు తగ్గితే అందరూ లేచి అడుగుతారు గానీ, పెరిగితే ఎవరూ అడగరు.

ఇదే సమయంలో ఆ ఊళ్లో ఒక సంఘం సెప్టెంబరు వాయిదా కట్టలేదని బకాయిల జాబితాలో ఉంది. వాళ్ల వాయిదా ఎంతో చూడండి, 4,800. రెండు మీటింగుల్లో వాళ్ల పేరు చదివారు. కొత్త అప్పు దరఖాస్తు పక్కన పెట్టారు. "మేం కట్టాం" అని వాళ్లంటే "అయితే లెడ్జరులో ఏదీ?" అని వీళ్లన్నారు. రెండేళ్లలో ఒక్క వాయిదా తప్పని సంఘం అది. మొదటి లీడరు మీటింగుకు రావడం కూడా మానేసిందని చెప్పారు.

మేం ఫోన్ చేసి ఒకటే అడిగాం. "449 నంబరు రసీదు మీ దగ్గర ఉందా?" అంతకుముందు అందరూ వాళ్లను "రసీదు చూపించండి" అన్నవాళ్లే. వాళ్ల పెట్టెలో రెండేళ్ల రసీదులు, ఏది చూపించాలో వాళ్లకు తెలియలేదు. నంబరు చెప్పగానే సాయంత్రానికి రెండో లీడరు వెతికి తెచ్చింది. తేదీ 12-9-2024, వాయిదా కింద 4,800, కింద సంతకం. ఆ రోజు పుస్తకం రాసిన అమ్మాయిని అడిగితే దాచుకోలేదు. జనం తోసుకుంటుంటే ముందు అసలు రాసి చింపి ఇచ్చాననీ, ముక్క తర్వాత రాద్దామనుకుంటే ఇంతలో తీర్మానం పుస్తకం రాయడానికి పిలిచారనీ చెప్పింది. అది నిజమేనని బ్యాంకులో పడ్డ డబ్బే చెబుతోంది.

ఖాళీ ముక్కను ఇప్పుడు నింపేయొచ్చా అని చాలామంది అడిగారు. నింపనివ్వలేదు. అక్టోబరులో కూర్చుని సెప్టెంబరు తేదీ వేస్తే రేపు ఆడిటరుకు అది సెప్టెంబరులోనే రాసినట్టు కనపడుతుంది. ఆ ముక్క ఖాళీగానే ఉంటుంది. అసలు రసీదు ఫోటో తీసి, సస్పెన్స్ నుంచి 4,800 ఆ సంఘం అప్పు ఖాతాకు మారుస్తూ ఓచరు రాసి, దాని మీద 449 అని వేసి, పాలకవర్గం తీర్మానం చేసింది. బకాయిల జాబితా నుంచి పేరు తీసేశారు. పేరు చదివిన మీటింగులోనే, అదే మైకులో, తీసేసినట్టు కూడా చదవమని మేం అడిగాం. చదివారు. దరఖాస్తు మళ్లీ ముందుకు వచ్చింది.

ఈ పద్ధతి ఏం చూపించలేదో కూడా చెప్పాలి. ముక్క మీద ఉన్నది మనం రాసుకున్నదే. అసలులో 5,000 రాసి ముక్కలో 500 రాస్తే, నంబరు సరిపోతుంది, తేదీ సరిపోతుంది, నగదు పుస్తకం కూడా సరిపోతుంది. ఎన్ని ఫోటోలు చూసినా ఇది దొరకదు. అసలు రసీదు తెచ్చి పక్కన పెడితేనే దొరుకుతుంది. అందుకే ఒక మీటింగుకు సంఘాలన్నీ తమ రసీదులు పట్టుకు రావాలని చెప్పి, వచ్చిన ప్రతి రసీదును మా పట్టికతో నంబరు ప్రకారం సరిచూశాం. అన్ని సంఘాలూ తేలేదు. తెచ్చినవన్నీ కలిశాయి. కొత్త పుస్తకాలు కార్బన్ వేసేవి కొనాలని మేం పాలకవర్గానికి రాసి ఇచ్చాం. ఒకసారి రాస్తే రెండు చోట్లా పడుతుంది కాబట్టి 449 లాంటిదీ, 5,000కు 500 లాంటిదీ రెండూ కష్టమవుతాయి. ఖరీదు కొంచెం ఎక్కువే.

చివరికి 458 మిగిలింది. ఆ పేజీలో పైన 457 ముక్క ఉంది, కింద 458 ముక్క కుట్టు దాకా చినిగి ఉంది. అసలు లేదు, ముక్కా లేదు. 457 తేదీ సెప్టెంబరు 26, 459 తేదీ అక్టోబరు 10. ఆ రెండు మీటింగుల వసూళ్లూ, మర్నాడు బ్యాంకులో వేసినవీ రూపాయి తేడా లేకుండా కలిశాయి. కాబట్టి 449లా బ్యాంకులో ఎక్కువ డబ్బు కనపడలేదు. రెండు రకాలుగా ఉండొచ్చు. తప్పు రాసి రెండు ముక్కలూ చింపి పారేసి ఉండొచ్చు. లేదా ఎవరో డబ్బు కట్టి ఉండొచ్చు, అది బ్యాంకుకు చేరకపోయి ఉండొచ్చు. పట్టిక ఇంతవరకే చెబుతుంది, ఆపైన మేం చెప్పలేం. ఆ రోజుల్లో పుస్తకం పట్టుకున్న ఇద్దరూ తమకు గుర్తులేదన్నారు, అదే రాసుకున్నాం. గమనిక గడిలో "ముక్క, అసలు రెండూ లేవు, తేలలేదు" అని ఉంది. అది తేలేదాకా అలాగే ఉంటుంది, ఈ నివేదికలో కూడా అలాగే అచ్చవుతుంది.

ఆ ఊరి సంఘాల అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. సెప్టెంబరు చివర్లో గానీ, దసరాకు ముందు మీటింగులో గానీ డబ్బు కట్టిన వాళ్లు ఈ రాత్రి పెట్టె తీసి ఒకసారి చూడండి. 458 నంబరు రసీదు ఎవరి దగ్గరున్నా, నలిగినా, సగం చినిగినా సరే, అసలు మీ దగ్గరే ఉంచుకుని నాలుగు అంచులూ కనపడేలా ఒక ఫోటో తీసి మీ వీవోఏకు ఇవ్వండి.